అరసవల్లి పోస్టులో ఊరింపు ఉంచి అబద్ధం తీసేయడం ఎలా?

ప్రశ్న: శ్రీకాకుళం విశేషాలు పెట్టే చిన్న ఫేస్‌బుక్ పేజీ మాది. "శాస్త్రవేత్తలకే అంతుచిక్కని అరసవల్లి రహస్యం! ఏడాదికి రెండే రోజులు... గర్భగుడిలో జరిగేది చూస్తే షాకవుతారు!!" అని ఒక పోస్టు పెట్టాం. అక్కడి సూర్యదేవాలయంలో పొద్దుటి కిరణాలు స్వామి పాదాలను తాకడం గురించే అది. బాగానే చూశారు గానీ కామెంట్లలో తిట్టిపోశారు. చప్పగా మారిస్తే ఎవరూ చదవరేమోనని భయం. ఏం చెయ్యాలి?

జవాబు:

ముందు ఆ వాక్యాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ "ఎవరు, ఎప్పుడు, ఎంత" అని నిలదీయండి. "శాస్త్రవేత్తలకే" అన్నారు. ఏ శాస్త్రవేత్త? పేరు లేదు కాబట్టి కొట్టేయండి. "అంతుచిక్కని" అన్నది అసలు గొడవంతా తెచ్చిన మాట. దీనికి వివరణ హైస్కూలు భూగోళం పుస్తకంలోనే దొరుకుతుంది, మీ కామెంట్లలో ఏ టీచరుగారో రాసే ఉంటారు. "రెండే రోజులు" సగం నిజం. కిరణాలు స్వామి పాదాలను తాకేది ఏడాదికి రెండు విడతలు: మార్చి 9, 10 తేదీల చుట్టూ ఒకసారి, అక్టోబరు 1, 2 తేదీల చుట్టూ ఇంకోసారి. ఇక "షాకవుతారు" అన్నది చదివేవాళ్ల తరఫున మీరిచ్చిన హామీ. పొద్దున్నే కొద్ది నిమిషాలు కనిపించే వెలుగు కొందరికి భక్తి కలిగిస్తుంది, కొందరికి ఆశ్చర్యం కలిగిస్తుంది. షాక్ తగలలేదని ఎవరైనా అంటే మీ దగ్గర జవాబుండదు.

ఇవన్నీ తీసేస్తే పోస్టులో ఏమీ మిగల్లేదు కదా? మీ భయమంతా అక్కడిదే. మొదట్నుంచీ అందులో సంగతి లేదు, అరుపే ఉంది. కాబట్టి చప్పబరచడం గురించి ఆలోచించకుండా, అసలు విషయంలోనే జనానికి తెలియనిది ఏముందో వెతకండి.

అరసవల్లిలో అది తేదీల్లోనే ఉంది. మార్చి 10 నుంచి అక్టోబరు 2 దాకా లెక్కేయండి, దాదాపు ఏడు నెలలు. అక్కణ్ణుంచి మళ్లీ మార్చి 10కి ఐదు నెలలే. ఏడాదికి రెండుసార్లు అనగానే ఎవరైనా ఆరేసి నెలల ఎడం అనుకుంటారు. ఇక్కడ అలా లేదు. సిక్కోలులో పుట్టి పెరిగినవాళ్లు కూడా చాలామంది దీన్ని గమనించి ఉండరు. ఈ తిరకాసే చదివేవాణ్ణి లోపలికి లాగే మీ హుక్కు.

జవాబు కూడా చక్కగా ఉంటుంది. పగలూ రాత్రీ సమానమయ్యే రోజులు మార్చి 20 చుట్టూ ఒకటి, సెప్టెంబరు 22, 23 చుట్టూ ఒకటి. మార్చి 10 మొదటిదానికి పది రోజులు ముందు, అక్టోబరు 2 రెండోదానికి ఇంచుమించు పది రోజులు తర్వాత. ఈ రెండు సమయాల్లోనూ సూర్యుడు భూమధ్యరేఖకు సుమారు 4 డిగ్రీలు దక్షిణంగా ఉంటాడు, కాబట్టి తూర్పున ఒకే చోట ఉదయిస్తాడు. ఒకసారి ఉత్తరానికి వెళ్తూ, ఇంకోసారి దక్షిణానికి తిరిగొస్తూ. మొదటిది పది రోజులు ముందుకీ, రెండోది పది రోజులు వెనక్కీ జరగడంతో ఒకవైపు ఎడం దాదాపు ఏడు నెలలకు పెరిగింది, ఇంకోవైపు ఐదుకి తగ్గింది. రెండు మూడు రోజులకే ఎందుకు పరిమితమంటే, ఆ కాలంలో ఉదయించే చోటు రోజుకు దాదాపు 0.4 డిగ్రీలు జరుగుతుంది. మనకు కనిపించే సూర్యబింబం వెడల్పే అర డిగ్రీ. ద్వారాల వరుస దాటి లోపలికి రావాల్సిన వెలుగు కొద్ది రోజుల్లోనే పక్కకి తప్పుకుంటుంది.

ఇప్పుడు పోస్టు ఇలా రాయొచ్చు:

"అరసవల్లి స్వామి పాదాలను సూర్యకిరణాలు తాకేది మార్చిలో ఓసారి, అక్టోబరులో ఓసారి. మధ్యలో ఎడం మాత్రం ఒకవైపు ఏడు నెలలు, ఇంకోవైపు ఐదు నెలలు. ఆరేసి నెలలు ఎందుకు కాలేదు?"

జరిగేదేమిటో ఇందులో పూర్తిగా చెప్పేశాం, దాచింది కారణం ఒక్కటే. జరిగేదాన్ని దాచి "ఏం జరుగుతుందో చూడండి" అంటే లోపల ఎంత మంచి సంగతి ఉన్నా మోసంలా అనిపిస్తుంది. ఫేస్‌బుక్ కూడా 2017లో సమాచారం దాచే శీర్షికలనూ, ఉన్నదాన్ని పెంచి చెప్పే శీర్షికలనూ విడివిడిగా గుర్తించి కిందకి నెడతామని ప్రకటించింది. మీ పాత వాక్యం ఆ రెండు గంపల్లోనూ పడుతుంది.

జవాబును రెండో పేరాలోనే ఇచ్చేయండి. గుడి చరిత్ర, బస్సుల వివరాలు అన్నీ అయ్యాక అడుగున పెడితే హుక్కు నిజాయితీగా ఉన్నా చదివేవాడికి విసుగొస్తుంది.

తిట్లు తిన్నవాళ్లు రెండో వైపుకి జారిపోవడం మామూలే. "తాకుతాయని అంటారు, బహుశా ఖగోళ కారణాలు ఉండవచ్చునేమో" అని రాస్తారు. తెలిసిన విషయానికి "బహుశా" తగిలించడమూ ఒక రకం తప్పే. ఏది ఎవరి మాటో చెబితే సరిపోతుంది. ఇంద్రుడు ప్రతిష్ఠించాడని స్థలపురాణం చెబుతుంది, తూర్పు గాంగరాజు దేవేంద్రవర్మ కట్టించాడని చరిత్ర వైపు నుంచి చెబుతారు. ఇద్దరి పేర్లలోనూ ఇంద్రుడున్నాడు చూశారా? ఇంకో పోస్టుకి పనికొస్తుంది. అది దీనివల్లే ఇలా వచ్చిందని మాత్రం తీర్మానించకండి.

ఫోన్‌లో పోస్టు ఎక్కడ తెగుతుందో కూడా చూడాలి. ఫేస్‌బుక్‌లో కొన్ని లైన్ల తర్వాత "See more" వస్తుంది, చాలామంది దాన్ని నొక్కరు. "రేపు వెళ్తే కిరణాలు చూడొచ్చు" అన్నది పైన ఉండి, "మబ్బు పట్టకపోతే" అన్నది తెగిపోయిన భాగంలో ఉంటే, తెల్లారగట్ల పలాస నుంచి పిల్లాపాపలతో వచ్చి నిరాశపడ్డవాళ్లు మిమ్మల్నే అంటారు. అక్టోబరు మొదట్లో మన దగ్గర మబ్బులు కొత్త కాదు. షరతు ఎప్పుడూ దాని మాట పక్కనే ఉండాలి: "మబ్బు లేకపోతే మార్చి 9, 10 తేదీల్లో ఉదయం చూడొచ్చు". "రేపు" అని అస్సలు రాయకండి. వాట్సాప్‌లోకి ఎక్కిందంటే ఆ "రేపు" జూన్‌లో కూడా తిరుగుతూనే ఉంటుంది. తేదీతోపాటు ఏడాది కూడా వేయండి.

బొమ్మ కూడా ఒక మాటే. విగ్రహం మీద బంగారు రంగు కిరణం గీసి పెడితే, రాతలో ఎంత జాగ్రత్తపడ్డా జనం నమ్మేది బొమ్మనే. కోణార్క్ చక్రం పెట్టేవాళ్లూ ఉన్నారు, అది వేరే గుడి, వేరే రాష్ట్రం. గుడి బయటి ఫొటో మీరే తీసి పెట్టుకోండి, చాలు.

పెట్టేముందు ఒక పరీక్ష చేయండి. హుక్కు వరకే ఇంట్లోవాళ్లకో పక్కింటివాళ్లకో చూపించి, "లోపల ఏముంటుందనుకుంటున్నారు?" అని అడగండి. "ఎందుకు ఏడు, ఐదు నెలలో చెబుతారేమో" అంటే సరిగ్గా ఉన్నట్టే. "ఏదో అద్భుతం జరిగిందట" అన్నారంటే వాక్యంలో ఇంకా ఏదో అరుపు మిగిలి ఉంది, ఆ మాట వాళ్లకి ఏ పదం వల్ల తోచిందో అడిగి దాన్ని తీసేయండి. "ఓహో, తెలుసులే" అంటే మాత్రం జవాబు కూడా హుక్కులోకి వచ్చేసిందని అర్థం.

పాత పోస్టును తీసేయకండి. తీసేస్తే తిట్టినవాళ్ల కామెంట్లూ పోతాయి, దాచారన్న పేరు కొత్తగా వస్తుంది. వాక్యం మార్చి, "అంతుచిక్కనిది అని రాయడం తప్పు, సరిచేశాం" అని పైన ఒక కామెంటు పిన్ చేయండి. ఫేస్‌బుక్‌లో షేర్ చేసినవాళ్ల దగ్గర కూడా మార్చిన రాతే కనిపిస్తుంది. వాట్సాప్‌లోకి కాపీ చేసుకున్నది మాత్రం మారదు, కాబట్టి ఆ గ్రూపుల్లో కొత్త పోస్టును మీరే మళ్లీ పెట్టాలి.