ఎడిటరుకు నువ్వు రాయబోయే ఉత్తరం గురించి

చిరంజీవి శిరీషకు మావయ్య ఆశీస్సులు.

కాకినాడలో నీ కెఫే కోసం 45 సెకన్ల రీలు తీయించావనీ, ఎడిటరు తొలి కట్ పంపాడనీ, మార్పులు చెబుతూ అతనికి నువ్వే రాయాలనుకుంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషించాను. అయితే నువ్వు నాకు పంపిన చిత్తుప్రతి చదివాక ఆ సంతోషానికి కొంత దిగులు తోడయింది. “మొత్తం మీద బాగుంది కానీ ఫీల్ రావడం లేదు, ఇంకొంచెం లైవ్లీగా చేయండి, ఎనర్జీ పెంచండి” అని రాశావు. ఏళ్ల తరబడి ఎడిటింగ్ బల్ల ముందు కూర్చున్నవాణ్ణి కనుక చెబుతున్నాను, ఈ మూడు మాటలతో ఆ కుర్రవాడు చేయగలిగింది ఏమీ లేదు. టైలరుకు జాకెట్టు తిరిగి ఇచ్చేటప్పుడు భుజం దగ్గరో చంక దగ్గరో వేలు పెట్టి చూపిస్తావు తప్ప “ఫీల్ లేదు” అని చెప్పి రావు కదా!

రాసే ముందు రీలును ఫోనులోనే మూడుసార్లు చూడు: మొదటిసారి ఆపకుండా, రెండోసారి శబ్దం తీసేసి, మూడోసారి కాగితం పక్కన పెట్టుకొని.

నేను విజయవాడలో స్థానిక కేబుల్ చానళ్లకు ప్రకటనలు ఎడిట్ చేసే రోజుల్లో ఒక మిఠాయి దుకాణం యజమాని దీపావళికి 30 సెకన్ల ప్రకటన చేయించుకున్నాడు. పెద్దమనిషి, డబ్బు దగ్గర ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు. తొలి కట్ చూసి ఒకే మాట అన్నాడు: “స్పీడు లేదు.” అది విని మొత్తం ప్రకటనను బిగించాం. రెండు సెకన్ల షాట్లన్నీ ఒక సెకనుకు దిగాయి, పూతరేకు మడత పెట్టే చేయి కనబడీ కనబడకుండానే మాయమైంది, జీడిపప్పు పాకం తీగ సాగేలోపే తెగిపోయింది. రెండో కట్ చూసి ఆయన మొహం చిన్నబుచ్చుకొని “ఏమీ కనబడడం లేదేమిటండీ” అన్నాడు. ఈలోగా వాళ్ల తమ్ముడు వేరుగా ఫోను చేసి, వ్యాఖ్యానం చెప్పే గొంతు మరీ నెమ్మదిగా ఉందన్నాడు. దాన్నీ మళ్లీ రికార్డు చేయించాం. ఆ గొంతుకు తగ్గట్టు షాట్లు మళ్లీ జరిగాయి, షాట్లు జరిగాక సంగీతం కుదరలేదు, సంగీతం మార్చాక శబ్దమంతా మొదటి నుంచి కలపవలసి వచ్చింది. చివరికి ఆయనను నా పక్కన కూర్చోబెట్టి, తొలి కట్‌నే మళ్లీ వేసి, ఎక్కడ విసుగు పుడితే అక్కడ బల్ల మీద తట్టమన్నాను. ప్రకటన పూర్తయ్యేదాకా ఆయన తట్టింది ఒక్కచోటే. మొదట్లో దుకాణం ముందు భాగాన్ని కెమెరా ఎడమ నుంచి కుడికి మెల్లగా చూపించే అయిదు సెకన్ల షాటు అది. దాన్ని తీసేసి మిగిలినవన్నీ పాత నిడివికే పెట్టాను. “ఇప్పుడు స్పీడు వచ్చింది” అని మురిసిపోయాడు. మిఠాయి షాట్లలో ఒక్క ఫ్రేము కూడా మారలేదని ఆయనకు ఈనాటికీ తెలియదు. అయితే ఆ ప్రకటన ప్రసారమయ్యే నాటికి దీపావళి అమ్మకాలు సగం అయిపోయాయి.

నీ విషయంలో నా భయం ఇదే. నీకు కలిగిన అసంతృప్తి నిజమైనదే, కానీ అది రీలు అంతటా పరచుకొని లేదు, రెండు మూడు చోట్ల ఉంది. ఆ చోట్లను సెకన్లతో సహా చూపించు. ఏం చేయాలో చెప్పే ముందు అక్కడ చూసేవాడికి ఏమవుతోందో చెప్పు, ఎందుకంటే నీకు తోచిన పరిష్కారం కన్నా మేలైనది అతని దగ్గర ఉండవచ్చు.

నీ రీలు నేనూ చూశాను. మొదటి ఆరు సెకన్లు బోర్డు మీద లోగో తిరుగుతూనే ఉంది, కాఫీ 0:22 దాకా కనబడనే లేదు. వేలితో తోసేసి ముందుకు పోయేవాళ్లు అంతదాకా ఆగరు. నువ్వు “ఎనర్జీ” అన్నది ఈ లోటునే అని నా అనుమానం. కాబట్టి ఉత్తరంలో మొట్టమొదట ఇలా రాయి: “0:00 నుంచి 0:06 వరకు లోగో మాత్రమే ఉంది, కాఫీ 0:22కి గానీ రావడం లేదు. డబరా గ్లాసులో పాలు పోసే షాటుతో మొదలుపెట్టగలరా? లోగో చివర రెండు సెకన్లు ఉంటే చాలు.” దీన్ని మొదట పెట్టమనడానికి కారణం ఉంది. షాట్ల వరుస మారితే మిగిలినవన్నీ జరుగుతాయి కనుక, అతను ముందుగా చేయవలసిన పని ఇదే. జరిగాక 0:22 అన్న అంకెకు అర్థం ఉండదు కాబట్టి, నువ్వు రాసే సమయాలన్నీ అతను పంపిన `cafe_reel_v1.mp4` లోనివేనని పైన ఒక వాక్యం చేర్చు.

రెండోది ఆ పాలు పోసే షాటే. నువ్వు డబరాను ఎత్తి పోస్తున్నప్పుడు నురుగు గ్లాసు అంచుకు చేరేలోపే 0:25 దగ్గర షాటు తెగిపోయింది. అందరూ ఎదురుచూసేది ఆ నురుగు కోసమే. “నురుగు అంచుకు చేరేదాకా షాటు ఉంచండి, ముడి ఫుటేజీలో ఉంటే మరో రెండు సెకన్లు కావాలి” అని రాయి. అక్కడే సంగీతం గట్టిగా ఉండి గ్లాసులో పడే చప్పుడును మింగేసింది. ఆ నాలుగైదు సెకన్లు సంగీతాన్ని తగ్గించి చప్పుడు వినిపించమని అడుగు. షూటింగు నాటి శబ్దం పనికిరాకపోతే, కెఫే తెరవక ముందు ఫ్యాన్లు ఆపి నీ ఫోనులోనే విడిగా రికార్డు చేసి పంపుతానని చెప్పు. ఎడిటర్లకు ఇలాంటి మాట ఎంత ఊరటనిస్తుందో నాకు తెలుసు.

మూడోది నన్ను నిజంగా కంగారు పెట్టింది. 0:15 నుంచి 0:18 వరకు నీ వెనుక ధరల బోర్డులో ఫిల్టర్ కాఫీ 40 రూపాయలని స్పష్టంగా కనిపిస్తోంది. ఇప్పుడు 50 అని మీ అమ్మ చెప్పింది. రేపు కౌంటరు దగ్గర ఎవరైనా ఫోను చూపించి నిలదీస్తే నీ దగ్గర జవాబు ఉండదు. ఇది అభిరుచికి సంబంధించిన విషయం కాదు కనుక, “తప్పనిసరిగా మార్చాలి” అనే రాయి. ఆ షాటును ఫోను నిలువుగా పట్టి 4Kలో తీసి ఉంటే, రీలు 1080 వెడల్పే కాబట్టి బొమ్మను రెండింతల దాకా పెద్దది చేసి బోర్డును ఫ్రేము బయటికి నెట్టవచ్చు. అడ్డంగా తీసి నిలువుగా కోసి ఉంటే అంత వెసులుబాటు ఉండదు, అప్పుడు వేరే షాటు పెట్టాలి. ఏది వీలవుతుందో అతనే చెబుతాడు.

0:31 దగ్గర నవ్వుతున్న కుటుంబాన్ని స్లో మోషన్‌లో చూపించినప్పుడు బొమ్మ కుదుపుగా నడుస్తోందని నువ్వు గమనించావు. నీ కన్ను మంచిదే. దీనికి మాత్రం ఎడిటరు మీద విసుక్కోకు. సెకనుకు 25 ఫ్రేములు తీసినదాన్ని సగం వేగానికి దింపితే ప్రతి ఫ్రేమునూ రెండుసార్లు చూపించవలసి వస్తుంది, ఆ కుదుపు దానివల్లే. 50 ఫ్రేములు తీసి ఉంటే ఇబ్బంది ఉండేది కాదు. లేని ఫ్రేములను సాఫ్ట్‌వేరు ఊహించి నింపగలదు గానీ, కదిలే వేళ్ల అంచులు, కాఫీ మీది ఆవిరి కరిగిపోయినట్టు కనిపిస్తాయి. “ఇది ఎన్ని ఫ్రేములతో తీసింది? 25 అయితే మామూలు వేగానికే ఉంచండి” అని అడిగితే సరిపోతుంది. అంతకన్నా ముఖ్యం, ఆ కుటుంబాన్ని నువ్వు అనుమతి అడిగావా? అందులో చిన్నపిల్ల ముఖం దగ్గరగా ఉంది. అడగకపోతే ఇవాళే ఫోను చేసి అడుగు. వాళ్లు వద్దంటే ఆ షాటు తీసేయమని ఈ ఉత్తరంలోనే చెప్పాలి, తర్వాత చెబితే పనంతా తిరగబడుతుంది.

చివర చిరునామా అక్షరాలు మరీ కిందికి ఉన్నాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా పేరు, నువ్వు రాసే వివరణ సరిగ్గా అక్కడే వచ్చి వాటిని కప్పేస్తాయి. వాటిని తెర మధ్యకు జరపమను. సంగీతం సంగతి కూడా అడిగి ఉంచు. తొలి కట్‌లో అతను తాత్కాలికంగా సినిమా పాట పెట్టి ఉంటాడు, వినగా వినగా నీకు అదే నచ్చేస్తుంది. వ్యాపార ఖాతాలో అలాంటి పాటలు హక్కులు లేకుండా వాడకూడదు. కాబట్టి వాడదగిన సంగీతాన్ని ఇప్పుడే పెట్టించి, షాట్ల నిడివిని దానికే కుదర్చమను.

రంగులు పాలిపోయినట్టున్నాయని, కౌంటరు పసుపుగా ఉందని ఈ విడతలో రాయవద్దు. షాట్ల వరుస, నిడివి ఖాయమయ్యాకే రంగులు దిద్దుతారు. ఇప్పుడు దిద్దించుకుంటే రేపు తీసేయబోయే షాటుకు కూడా కూలి ఇచ్చినట్టవుతుంది. రంగుల దిద్దుబాటు మీ ఒప్పందంలో ఉందో లేదో మాత్రం కనుక్కో.

మరొక మాట, కోప్పడుతున్నానని అనుకోకు. మీ నాన్న, నీ భాగస్వామి, కౌంటరులో కూర్చునే అబ్బాయి ఎవరికి వారు అతనికి వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలు పంపుతున్నారట. ఇవాళే మాన్పించు. అందరి మాటా నువ్వు విను, పొసగని వాటిని మీలో మీరే తేల్చుకోండి, నీ పేరుతో ఒకే ఉత్తరం వెళ్లనివ్వు. మీ నాన్నకు చెప్పడం నీకు కష్టమైతే నేను మాట్లాడతాను, బావగారు నా మాట కాదనరు. ఒప్పందం ప్రకారం రెండు విడతల మార్పులే ఉన్నాయన్నావు కనుక, ఒక విడత వాయిస్ మెసేజీలకే ఖర్చయిపోతే నీకు మిగిలేది ఒక్కటే.

ఉత్తరంలో తప్పనిసరి మార్పులు ముందు, వీలైతే చేయవలసినవి తర్వాత రాయి. బాగున్నవాటిని కూడా సమయంతో చెప్పు: 0:27 దగ్గర మీ అమ్మ గ్లాసు అందుకొని ఆవిరి ఊదే షాటును ముట్టుకోవద్దని రాయి, లేకపోతే వరుస మార్చే తొందరలో అది పోయినా పోవచ్చు. నిజం చెప్పాలంటే ఆ షాటు దగ్గర నేను రీలు ఆపి, అక్కయ్యను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

పంపే ముందు చిత్తుప్రతి నాకు ఒకసారి చూపించు. రాత్రి పదింటి దాకా మేలుకొనే ఉంటాను.

ఇట్లు,
మీ మావయ్య