ఒకే వైఫైలో ఉన్నా ఫోన్‌కి టీవీ కనిపించకపోతే ఎక్కడ వెతకాలి

ప్రశ్న: ఫోన్, టీవీ రెండూ ఒకే వైఫైలో ఉన్నాయి. రెండింటిలోనూ ఇంటర్నెట్ బాగానే వస్తోంది. కానీ యాప్‌లో క్యాస్ట్ గుర్తు నొక్కితే టీవీ పేరు రావడం లేదు. రెండూ రీస్టార్ట్ చేసి చూశాను. ఇంకేం చూడాలి?

జవాబు:

ముందు ఇంకో ఫోన్‌తో ప్రయత్నించండి. అందులో టీవీ కనిపిస్తే తేడా మీ ఫోన్‌లోనే ఉంది, రౌటర్ జోలికి వెళ్లక్కర్లేదు. ఐఫోన్ అయితే Settings లో Privacy & Security, దాని లోపల Local Network తెరిచి ఆ యాప్ పక్కన స్విచ్ ఆన్ చేయండి. iOS 14 నుంచి ఈ అనుమతి లేని యాప్ చుట్టుపక్కల పరికరాలను వెతకలేదు. మొదటిసారి అడిగినప్పుడు వద్దని నొక్కేస్తే మళ్లీ అడగదు కూడా. ఏ ఫోన్ అయినా వీపీఎన్ ఆన్‌లో ఉంటే ఆపేసి చూడండి.

రెండో ఫోన్‌లోనూ కనిపించకపోతే అప్పుడు నెట్‌వర్క్ సంగతి. క్యాస్ట్‌లో రెండు దశలున్నాయి. మొదట ఫోన్ 224.0.0.251 అనే చిరునామాకి, 5353 పోర్టులో, "ఇక్కడ క్యాస్ట్ పరికరాలేమైనా ఉన్నాయా" అని అందరికీ వినిపించేలా కేక వేస్తుంది. దీన్నే ఎండీఎన్ఎస్ అంటారు. టీవీ ఆ కేక విని తన పేరు, ఐపీ చెబుతుంది. తర్వాత ఫోన్ నేరుగా ఆ ఐపీకి, సాధారణంగా 8009 పోర్టులో, కనెక్ట్ అవుతుంది. వైఫైలోని పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండా రౌటర్ అడ్డుపడటాన్ని ఐసొలేషన్ అంటారు, అది ఆన్‌లో ఉంటే రెండు దశలూ ఆగిపోతాయి. మల్టీకాస్ట్, అంటే ఇలా ఒకేసారి చాలామందికి పంపే కేక, ఒక్కటే ఆగితే దారి తెరిచే ఉన్నా అది టీవీకి వినపడదు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, టీవీ పేరు రాదు, అంతే. వాటిని విడదీసి చూడకుండా రౌటర్‌లో కనిపించిన సెట్టింగల్లా మారుస్తూ పోతే ఎటూ తేలదు.

మొదట రెండింటి ఐపీ చిరునామాలు చూడండి. ఫోన్‌లో వైఫై పేరు మీద నొక్కితే కనిపిస్తుంది, టీవీలో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. మామూలు ఇంటి రౌటర్లలో మొదటి మూడు అంకెల గుంపులు రెండింటికీ ఒకటే కావాలి. మా ఇంట్లో చిక్కు అక్కడే దొరికింది. టీవీది 192.168.1.23, ఫోన్‌ది 192.168.0.14. లోపలి గదికి సిగ్నల్ అందడం లేదని పెట్టిన రెండో రౌటర్‌కి కూడా అదే పేరు, అదే పాస్‌వర్డ్ ఉన్నాయి. ఫోన్‌లో చూస్తే ఒకే వైఫై. నిజానికి రెండో రౌటర్ వెనక వేరే నెట్‌వర్క్ ఒకటి నడుస్తోంది. ఇందులో తమాషా ఏంటంటే, లోపలి గది నుంచి టీవీకి పింగ్ వెళ్తుంది, జవాబూ వస్తుంది. మామూలు ప్యాకెట్లను రెండో రౌటర్ బయటికి పంపుతుంది కదా. 224.0.0 తో మొదలయ్యే మల్టీకాస్ట్‌ను మాత్రం ఏ రౌటరూ హద్దు దాటించదు, దాని నియమమే అది. అందుకే పింగ్ కంటే ముందు చిరునామాలు చూడమంటాను.

దీనికి పరిష్కారం రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చడం. మెనూలో Operation Mode, AP Mode లాంటి పేర్లుంటాయి. ఆ మోడ్ లేని రౌటర్ అయితే దానికి మొదటి రౌటర్ వరసలోనే, ఎవరూ వాడని ఐపీ ఒకటి ఇవ్వండి. అందులో పరికరాలకి ఐపీలు పంచే డీహెచ్‌సీపీ ఆపి, మొదటి రౌటర్ నుంచి వచ్చే కేబుల్‌ని వాన్ పోర్టులో కాకుండా లాన్ పోర్టులో పెట్టండి. ఆ తర్వాత ఫోన్ వైఫై ఆపి మళ్లీ ఆన్ చేస్తే మాకు 192.168.1 వరసలో చిరునామా వచ్చింది, టీవీ పేరూ వచ్చింది.

మీ ఫోన్, టీవీ చిరునామాలు ఒకే వరసలో ఉన్నాయనుకుందాం. అప్పుడు ల్యాప్‌టాప్‌ని అదే వైఫైకి కలిపి, టీవీ ఆన్‌లో పెట్టి, కమాండ్ ప్రాంప్ట్‌లో గానీ టెర్మినల్‌లో గానీ ఇవి కొట్టండి (మీ టీవీ ఐపీ వేసుకోండి):

```
ping 192.168.1.23
arp -a
```

విండోస్‌లో ఒక మోసం ఉంది. Destination host unreachable అని వస్తూ కూడా కింద 0% loss అని చూపించవచ్చు. ఆ లైన్‌లో ఉన్న ఐపీ మీ ల్యాప్‌టాప్‌దే, అది జవాబు కిందికి రాదు. కొన్ని టీవీలు పింగ్‌కి అసలు పలకవు, కాబట్టి రెండో కమాండ్ కూడా చూడాలి. టీవీ ఐపీ ఎదురుగా మ్యాక్ చిరునామా, అంటే టీవీ హార్డ్‌వేర్ నంబర్, ఉంటే కింది స్థాయిలో దారి తెరిచే ఉన్నట్టు. ఆ ఐపీ జాబితాలోనే లేకపోయినా, ఎదురుగా incomplete అని ఉన్నా ఐసొలేషన్‌ని గట్టిగా అనుమానించండి.

ఆ సెట్టింగ్ రౌటర్‌లో వైర్‌లెస్ అడ్వాన్స్‌డ్ పేజీలో AP Isolation, Client Isolation, Wireless Isolation ఇలా ఏదో ఒక పేరుతో ఉంటుంది. చాలా రౌటర్లలో 2.4 గిగాహెర్ట్జ్‌కి, 5 గిగాహెర్ట్జ్‌కి విడివిడిగా ఉంటుంది, రెండు చోట్లా ఆపాలి. గెస్ట్ నెట్‌వర్క్‌లో అయితే మామూలుగా ఇది ముందే ఆన్ అయి ఉంటుంది. టీవీ పెట్టిన రోజు తొందరలో గెస్ట్ పాస్‌వర్డ్ ఇచ్చేసిన ఇళ్లు చాలానే చూశాను. అలా ఉంటే గెస్ట్ సెట్టింగ్‌లు మార్చకండి, టీవీనే అసలు వైఫైకి మార్చండి. ఐసొలేషనే అని తేల్చుకోవడానికి ఇంకో దారి, టీవీకి కాసేపు కేబుల్ పెట్టి చూడటం. చాలా రౌటర్లలో ఈ సెట్టింగ్ వైర్‌లెస్ పరికరాల మధ్యనే అడ్డుపడుతుంది. కేబుల్ మీద టీవీ కనిపించి వైఫై మీద కనిపించకపోతే దాదాపు తేలిపోయినట్టే.

ఐపీలు సరిగ్గా ఉండి, మ్యాక్ చిరునామా కూడా కనిపిస్తూ, పేరు మాత్రం రాకపోతే ఇక మిగిలింది మల్టీకాస్ట్. యాపిల్ మ్యాక్ కంప్యూటర్ ఉంటే దీన్ని నేరుగా చూడవచ్చు:

```
dns-sd -B _googlecast._tcp
```

కొన్ని సెకన్లలో టీవీ వరస రావాలి. క్యాస్ట్ ఉన్న టీవీలకే ఇది పనికొస్తుంది. మాకు యాక్సెస్ పాయింట్ మోడ్ పెట్టిన తర్వాత ఈ ఇబ్బందే మిగిలింది. టీవీ ఆన్ చేయగానే పేరు వచ్చేది, కాసేపటికి మాయమయ్యేది. టీవీ లేవగానే ఎవరూ అడగకుండానే తన ఉనికి చాటుకుంటుంది, దాన్ని ఫోన్ గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుర్తుకు గడువు ఉంటుంది, ఐపీ చెప్పే రికార్డుకైతే సాధారణంగా 120 సెకన్లు. ఆ తర్వాత ఫోన్ వేసే కేక టీవీకి చేరకపోతే పేరు పోతుంది. మా దగ్గర రెండో రౌటర్‌లో IGMP Snooping ఆపితే పేరు మాయమవడం ఆగింది. ఈ సెట్టింగ్ అక్కర్లేని చోటికి మల్టీకాస్ట్ వెళ్లకుండా చూడటానికి పెట్టింది. 224.0.0 వరసను అది ఆపకూడదు, కానీ కొన్ని రౌటర్లు తప్పుగా ఆపేస్తాయి. మీ ఇంట్లో ఐపీటీవీ సెట్‌టాప్ బాక్స్ ఉంటే మాత్రం దీన్ని ఆపాక వైఫై నెమ్మదించిందేమో గమనించండి. అలా అయితే తిరిగి ఆన్ చేసి, రౌటర్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసి చూడండి.

హాస్టల్, హోటల్, ఆఫీస్ వైఫై అయితే ఈ తిప్పలన్నీ పడకండి. అక్కడ ఐసొలేషన్ కావాలనే పెడతారు, లేకపోతే పక్క గదివాళ్లు మీ టీవీలో వీడియో పెట్టగలరు. అలాంటి చోట యూట్యూబ్‌కైతే టీవీ కోడ్‌తో కలిపే పద్ధతి వాడండి, అది ఇంటర్నెట్ మీదుగా వెళ్తుంది కాబట్టి లోపలి దారితో పనిలేదు. మిగతా యాప్‌లకి హెచ్‌డీఎంఐ కేబులే నయం.

ఇవి చూశాక కూడా దొరకకపోతే ఫోన్ ఐపీ, టీవీ ఐపీ, arp -a లో టీవీ వరస ఇక్కడ పెట్టండి. ఇంట్లో రౌటర్లు ఎన్ని ఉన్నాయో, టీవీ ఏ బ్యాండ్‌లో ఉందో కూడా రాయండి.