టేబుల్ డీఐ సెట్ నాలుగు నిమిషాల్లో అవ్వాలంటే

"మాది పర్లాకిమిడి. బ్యాంకు పీఓ ప్రిలిమ్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. టేబుల్ డీఐ ఐదు ప్రశ్నలకి ఎనిమిది నిమిషాలు పడుతోంది, అందులోనూ రెండు తప్పులు. షార్ట్‌కట్లు ఏవి నేర్చుకోవాలి?"

ఎనిమిది నిమిషాలు పడుతోందంటే అక్కర్లేని లెక్క చేస్తున్నట్టే. ఐబీపీఎస్ పీఓ క్వాంట్‌లో 35 ప్రశ్నలకి 20 నిమిషాలు, అంటే ప్రశ్నకి సగటున 34 సెకన్లు. డీఐ సెట్‌కి నాలుగు నిమిషాలకి మించి ఇవ్వలేం. ఒక చిన్న సెట్ కలిసి చేద్దాం. ఊళ్లు మనవే, అంకెలు ప్రాక్టీసు కోసం అల్లినవి. ఒక్కో ఊళ్లో అమ్ముడైన బియ్యం బస్తాలు, మొదటి ఏడు, రెండో ఏడు:

బరంపురం: 840, 966
పర్లాకిమిడి: 560, 630
రాయగడ: 720, 792
గుణుపురం: 450, 414
జయపురం: 630, 738

మొదటి 30 సెకన్లు లెక్క మొదలుపెట్టకండి. యూనిట్ బస్తాలా, వందల బస్తాలా చూడండి. ఏ వరుస తగ్గిందో గమనించండి. ఇక్కడ గుణుపురం ఒక్కటే తగ్గింది.

మొత్తం అమ్మకం ఎంత శాతం పెరిగింది? ఆప్షన్లు 8.2, 9.3, 10.6, 12.5. రెండు నిలువు వరసలూ కూడక్కర్లేదు. మొదటి వరస కూడితే 3200. రెండోదానికి తేడాలు చాలు: 126, 70, 72, 108 కలిపి అందులోంచి 36 తీసేస్తే 340. 3200లో పది శాతం 320, మిగిలింది 20. ఒక శాతం 32 కాబట్టి 20 అంటే 0.6 చిల్లర. జవాబు 10.6. మరి 9.3 ఎక్కడిది? ఊరూరి శాతాలు (15, 12.5, 10, మైనస్ 8, 17.1) కలిపి ఐదుతో భాగిస్తే సరిగ్గా అదే వస్తుంది. ఊళ్ల అమ్మకాలు సమానం కావు కాబట్టి శాతాల సగటు తీయకూడదు. ఆ పొరపాటు చేసేవాళ్ల కోసమే ఆ ఆప్షన్ పెడతారు.

ఎక్కువ శాతం పెరిగిన ఊరు ఏది? తేడా చూస్తే బరంపురమే పెద్దది, 126. కానీ 840లో పది శాతం 84, మిగిలిన 42 అందులో సరిగ్గా సగం, అంటే 15 శాతం. జయపురంలో పది శాతం 63, మిగిలింది 45. అది 63లో సగం కంటే ఎక్కువ, కాబట్టి 15 దాటింది. ఇక్కడే ఆగిపోండి. ఎంత దాటిందో ఎవరూ అడగలేదు.

మొదటి ఏడు గుణుపురం అమ్మకం, రెండో ఏడు పర్లాకిమిడి కంటే ఎంత శాతం తక్కువ? మీ రెండు తప్పులూ ఎక్కువగా ఇలాంటి చోటే జరుగుతుంటాయి. తేడా 180. దాని కింద 450 వేస్తే 40 శాతం, 630 వేస్తే 2/7, అంటే 28.57. రెండూ ఆప్షన్లలో ఉంటాయి. పేపర్ ఇంగ్లీషులో ఉన్నా ప్రశ్నని మనసులో తెలుగులోకి తిప్పుకోండి: "కంటే" ఏ మాటకి తగిలిందో ఆ అంకె కిందకి వెళ్తుంది. ఒడియాలో ఆలోచించేవాళ్లకి "ఠారు" ఇదే పని చేస్తుంది. ఇక్కడ "పర్లాకిమిడి కంటే", కాబట్టి కింద 630.

ఈ అంకెలకి గుండ్రటి పై చార్టు గీస్తే రెండో ఏడు రాయగడకి ఎన్ని డిగ్రీలు? ఆప్షన్లు 72, 76, 80.5, 86. మొత్తం 3540. అది 3600 అయ్యుంటే డిగ్రీకి పది బస్తాలు, రాయగడకి 79.2. అసలు మొత్తం దానికంటే కాస్త తక్కువ కాబట్టి జవాబు 79.2 కంటే కాస్త ఎక్కువ, 80.5. ఆప్షన్ల మధ్య ఇంత దూరం ఉంటేనే ఈ పద్ధతి వాడండి. 80.1, 80.5 పక్కపక్కన ఉంటే పూర్తి భాగహారం తప్పదు. అందుకే అంకెల కంటే ముందు ఆప్షన్లు చూడాలి.

నేర్చుకోవాల్సింది నిజానికి కొంచెమే: 1/6 నుంచి 1/16 వరకు శాతాలు, 20 వరకు ఎక్కాలు. ఒడియా మీడియంలో చదివి పణికియా ఒడియాలో వచ్చి ఉంటే అలాగే ఉంచుకోండి. ఇప్పుడు తెలుగులోకి మార్చుకుంటే వేగం పడిపోతుంది.

టైమర్‌ని ఒకేసారి నాలుగుకి పెట్టొద్దు. మొదట ఆరు నిమిషాలు, వరసగా మూడు సెట్లలో అన్నీ సరిపోతే ఐదు, ఆ తర్వాత నాలుగు. ఏ ప్రశ్నకైనా నిమిషం దాటితే వదిలేయాలి. తప్పుకి ఆ ప్రశ్న మార్కులో పావు వంతు పోతుంది, పోయిన నిమిషంలో ఇంకో రెండు తేలిక ప్రశ్నలు పోతాయి. సెట్ అయ్యాక ప్రతి తప్పు పక్కన కారణం ఒక్క మాటలో రాయండి: కింద అంకె, వరస, లేదా కూడిక. వరస తప్పులు ఎక్కువగా ఉంటే షార్ట్‌కట్లు పక్కన పెట్టి, లెక్కకి ముందు ఊరి పేరులో మొదటి అక్షరం రఫ్ కాగితం మీద వేసుకోవడం అలవాటు చేసుకోండి. స్క్రీన్ నుంచి కాగితానికి కళ్లు దించే ఆ క్షణంలోనే రాయగడ అంకె పోయి గుణుపురం అంకె వచ్చి పడుతుంది.