అడ్రినల్ గ్రంథి పొరలు, వాటి హార్మోన్లు ఎన్నిసార్లు చదివినా కలిసిపోతున్నాయి. వచ్చే వారం ఫిజియాలజీ పరీక్ష. గుర్తుండిపోయే చిట్కా ఏదైనా ఉందా?

ఉప్పు, చక్కెర, మీసం, దడ. పైపొర నుంచి లోపలికి ఇదే వరుస.

ఉప్పంటే అల్డోస్టిరాన్, చక్కెరంటే కార్టిసాల్, మీసమంటే ఆండ్రోజెన్లు, దడంటే అడ్రినలిన్. పొరల పేర్లకు జీఎఫ్ఆర్ చాలు: గ్లోమెరులోసా, ఫాసిక్యులేటా, రెటిక్యులారిస్. కిడ్నీ పాఠంలో జీఎఫ్ఆర్ ఎలాగూ బట్టీ పట్టి ఉంటారు, ఈ గ్రంథి కూర్చునేదీ కిడ్నీ నెత్తినే. ఈ మూడూ కార్టెక్స్. దడ పుట్టించేది మధ్యలో ఉన్న మెడుల్లా.

చిట్కా అయిపోయింది. కానీ ఇంతటితో ఆపితే వైవాలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ఏ పొర ఎవరి మాట వింటుందో కూడా తెలియాలి. అది నాకు పుస్తకంలో కంటే వార్డులోనే బాగా ఎక్కింది.

హౌస్ సర్జన్‌గా మెడిసిన్ వార్డులో ఉన్నప్పుడు ఒక పెద్దావిడను తీసుకొచ్చారు. వాంతులు, లేచి కూర్చోలేనంత నీరసం. బీపీ 80/50, షుగర్ 58. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన చిన్న తెల్ల బిళ్లలు చాలాకాలంగా వేసుకుంటోందట. "మొహం ఉబ్బిపోతోందని నేనే మాన్పించాను సార్, అప్పట్నుంచే ఇలా అయిపోయింది" అంది కోడలు. ఆ బిళ్లలు స్టెరాయిడ్ అని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. చీటీ లేదు, పేరు లేదు, కాగితం పొట్లంలో కట్టి ఇచ్చేశాడు. ఇలాంటి పొట్లాల మీద నాకున్న కోపం రాస్తే ఇక్కడ చోటు చాలదు.

రిపోర్టులొచ్చాయి. సోడియం 126, తక్కువే. పొటాషియం మాత్రం 4.1, నార్మల్. రౌండ్స్‌లో సార్ ఆ కాగితం మా ముందు పెట్టి ఒక్కటే అడిగారు: "అడ్రినల్ పనిచేయడం లేదంటున్నారు కదా, మరి పొటాషియం ఎందుకు పెరగలేదు?"

పక్కనున్న పీజీ అక్క మూడు పొరలూ గీసి చూపించింది. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తూ ఉంటే పిట్యూటరీ ఏసీటీహెచ్ పంపడం తగ్గిస్తుంది. ఆ హార్మోన్ మీదే బతికే ఫాసిక్యులేటా, రెటిక్యులారిస్ ఎండిపోతాయి. గ్లోమెరులోసాకు ఏసీటీహెచ్‌తో పని కొంచెమే. దాన్ని ముఖ్యంగా నడిపేవి యాంజియోటెన్సిన్, రక్తంలోని పొటాషియం. అందుకని ఉప్పు పొర బతికే ఉంది, పొటాషియాన్ని మూత్రంలోకి తోస్తూనే ఉంది. చచ్చినట్టు పడుకున్నది చక్కెర పొర. మరి సోడియం ఎందుకు తగ్గింది? కార్టిసాల్ లేకపోతే ఏడీహెచ్ ఎక్కువగా వచ్చి ఒంట్లో నీరు నిలుస్తుంది, సోడియం పలచబడుతుంది. షుగర్ 58కి పడిపోవడానికీ కార్టిసాల్ లేకపోవడమే కారణం.

అడిసన్ జబ్బులో అలా కాదు. గ్రంథే దెబ్బతింటుంది కాబట్టి ఉప్పు పొరా పోతుంది, పొటాషియం పెరుగుతుంది. పిట్యూటరీ ఏసీటీహెచ్‌ను కుమ్మరిస్తూ ఉంటుంది కాబట్టి చర్మం, చిగుళ్లు నల్లబడతాయి. ఈవిడ చిగుళ్లు మామూలుగానే ఉన్నాయి. సెలైన్, గ్లూకోజ్, 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ నరంలోకి ఇచ్చాక సాయంత్రానికి లేచి కూర్చుని కాఫీ అడిగింది.

గైడ్లలో మాత్రం పొర, హార్మోన్, పని అని మూడు గళ్ల పట్టిక వేసి వదిలేస్తారు. నాలుగో గడి "ఎవరు నడుపుతారు" అని వేస్తే వాళ్ల సొమ్మేం పోతుందో. మీరే వేసుకోండి. పైపొర ఎదురుగా యాంజియోటెన్సిన్, పొటాషియం. తర్వాతి రెండింటికీ ఏసీటీహెచ్. మెడుల్లాకు సింపథెటిక్ నరాలు.

మీసం అన్నానని మగవాళ్ల సంగతే అనుకోకండి. మగవాళ్లకు వృషణాల టెస్టోస్టిరాన్ ముందు రెటిక్యులారిస్ ఇచ్చే డీహెచ్ఈఏ లెక్కలోకి రాదు. దాని ప్రభావం కనిపించేది ఆడవాళ్లలోనే. చంకల్లో వెంట్రుకలు దాని వల్లే వస్తాయి, అది మితిమీరితే పైపెదవి మీద కూడా వస్తాయి.

దడ చివర్లో ఉండటానికీ కారణముంది. కార్టెక్స్‌లోంచి వచ్చే రక్తంలో చాలా భాగం మెడుల్లా మీదుగానే బయటికి పోతుంది, కార్టిసాల్‌ను చిక్కగా మోసుకుంటూ. నార్‌అడ్రినలిన్‌ను అడ్రినలిన్‌గా మార్చే ఎంజైమ్ తయారవ్వాలంటే ఆ కార్టిసాల్ కావాలి. మెడుల్లా వదిలేదాంట్లో సుమారు 80 శాతం అడ్రినలిన్ ఉండటం అందుకే. పది మార్కుల ప్రశ్న వస్తే బొమ్మలో చక్కెర పొర నుంచి మెడుల్లాకు ఒక బాణం గీసి, పక్కన ఈ ముక్క రాయండి. నేను పేపర్లు దిద్దిన రోజుల్లో ఆ బాణం గీసినవాళ్లకు మార్కులు కోసిన గుర్తు లేదు.