లోటు పూడ్చిన అప్పులో నా పదివేలు

ప్రశ్న: ప్రభుత్వానికి వచ్చేదాని కంటే ఖర్చు ఎక్కువైతే ఆ లోటు ఎవరు పూడుస్తారు? నోట్లు అచ్చేసుకోవచ్చు కదా?

అప్పు చేసి పూడుస్తారు. ఆ అప్పులో నా పదివేలు కూడా ఉన్నాయి కాబట్టి కొంచెం ధైర్యంగా చెబుతున్నాను.

2024 జులైలో పెట్టిన కేంద్ర బడ్జెట్‌నే చూడండి. ఏడాది ఖర్చు సుమారు 48.2 లక్షల కోట్లు. పన్నులు, డివిడెండ్లు లాంటి అప్పు కాని రాబడి సుమారు 32.1 లక్షల కోట్లు. మిగతా 16.1 లక్షల కోట్లే ద్రవ్య లోటు. అంటే ప్రతి వంద రూపాయల ఖర్చులో 33 అప్పే.

ఇందులో పెద్ద భాగం బాండ్లు అమ్మి తెస్తారు. ప్రభుత్వం తరఫున ఆర్‌బీఐ మామూలుగా శుక్రవారాల్లో వేలం వేస్తుంది. ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్‌లో ఖాతా తెరిస్తే పదివేలతో మనమూ కొనవచ్చు. 2024 జూన్‌లో మారతహళ్లి రూమ్‌లో కూర్చుని `7.10% GS 2034` అనే బాండు కొన్నాను, అంటే ఏటా 7.10 శాతం వడ్డీ ఇచ్చి 2034లో అసలు తిరిగిచ్చేది. ధర మనం చెప్పనక్కర్లేదు, బ్యాంకుల్లాంటి పెద్ద సంస్థలు వేసిన వేలం పాటల సగటు ధరకే మనకిస్తారు.

తీరా చూస్తే పదివేల బాండుకు అంతకంటే ఎక్కువే పట్టుకున్నారు. ఒక రోజంతా టెన్షన్. తర్వాత అర్థమైంది: వడ్డీ ఏప్రిల్ 8, అక్టోబర్ 8 తేదీల్లో వస్తుంది. ఏప్రిల్ 8 నుంచి నేను కొన్న రోజు దాకా అయిన వడ్డీని ముందే నా దగ్గర వసూలు చేశారు. అక్టోబర్ 8న మాత్రం ఆరు నెలలదీ కలిపి 355 రూపాయలు వేశారు. లెక్క సరిపోయింది.

నాలాంటి వాళ్లు ఇందులో ఆవగింజంత. అసలు కొనేది బ్యాంకులు, బీమా సంస్థలు, పీఎఫ్. మీ జీతంలో నెలనెలా కోసే పీఎఫ్‌లో పెద్ద వాటా ఇక్కడికే వెళ్తుంది. ఊళ్లో నాన్న పోస్టాఫీసులో దాచుకున్నదీ అంతే. ఆ ఏడాది చిన్న పొదుపుల నుంచే సుమారు 4.2 లక్షల కోట్లు తీసుకోవాలనుకున్నారు.

ఇక నోట్ల సంగతి. ఒకప్పుడు దాదాపు అదే జరిగేది. లోటు పడగానే ప్రభుత్వం అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులనే అప్పు పత్రాలు రాసిస్తే ఆర్‌బీఐ డబ్బు ఇచ్చేది. 1997లో దాన్ని ఆపారు. ఇప్పుడు చేతిలో తాత్కాలికంగా డబ్బు లేనప్పుడు ఆర్‌బీఐ ఒక పరిమితిలో చేబదులు ఇస్తుంది, అది 90 రోజుల్లో తీర్చాలి. 2006 ఏప్రిల్ నుంచి ఆర్‌బీఐ మామూలుగా ప్రభుత్వ బాండ్లను నేరుగా వేలంలో కొనకూడదు కూడా. మార్కెట్‌లో ఇతరుల దగ్గర కొనవచ్చు, అదీ పరోక్షంగా కొత్త డబ్బే అని వాదించేవాళ్లున్నారు. నాకూ కొంత నిజమే అనిపిస్తుంది.

చిక్కు ఎక్కడంటే, ఆ ఏడాది వడ్డీలకే సుమారు 11.6 లక్షల కోట్లు కేటాయించారు. బాండ్ల మీద తేవాలనుకున్నది 14 లక్షల కోట్లు, అందులో దాదాపు 2.4 లక్షల కోట్లు పాత బాండ్లు తీర్చడానికే. 2034 ఏప్రిల్ 8న నా పదివేలు కూడా బహుశా అలాగే, అప్పుడు ఏదో శుక్రవారం వేలంలో కొన్న ఇంకొకరి డబ్బులోంచే వస్తాయి.