పిన్ పట్టినంత మాత్రాన అది మీ ఛార్జర్ కాదు

ప్రశ్న: మా ల్యాప్‌టాప్ ఛార్జర్ డబ్బా జుయ్యిమని శబ్దం చేస్తోంది, బాగా కాలుతోంది. పిన్ దగ్గర వైరు పైతొడుగు చిట్లి లోపలి తీగలు కనిపిస్తున్నాయి. టేపు చుట్టి వాడుకోవచ్చా, కొత్తది కొనాలా? కొంటే ఏం చూసుకోవాలి?

టేపు చుట్టకండి. ఈ రోజే దాన్ని ప్లగ్గులోంచి తీసి పక్కన పెట్టండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా మేనకోడలి ఛార్జర్ విషయంలో ఆ టేపే అసలు జబ్బును కొన్ని నెలలపాటు కప్పిపెట్టింది.

ఆ అమ్మాయి ఇంజినీరింగ్ చదువుతూ హాస్టల్‌లో ఉంటుంది. మంచం మీద కూర్చుని ల్యాప్‌టాప్ ఒడిలో పెట్టుకుంటే పిన్ దగ్గర వైరు రోజూ ఒకే చోట మడత పడుతుంది. అక్కడ రబ్బరు చిట్లింది, ఎవరో నల్ల టేపు చుట్టిపెట్టారు. కొన్నాళ్లకు బ్యాటరీ ఎక్కడం, ఆగడం, మళ్లీ ఎక్కడం మొదలైంది. రిపేరు దుకాణానికి తీసుకువెళితే అక్కడి కుర్రవాడు ఛార్జర్ పిన్నుకు మల్టీమీటర్ పెట్టి 19 వోల్టులు వస్తున్నాయని చూపించి, ఛార్జర్‌లో ఏ లోపమూ లేదు, మదర్‌బోర్డు పోయింది అని తేల్చేశాడట. ఆ ఖర్చు విని భయపడి, "మామయ్యా, ఒకసారి నువ్వు చూడవా?" అని సెలవుల్లో నా దగ్గరకు తెచ్చింది. పాలిటెక్నిక్ ల్యాబులో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి కాబట్టి మా బంధువుల ఇళ్లలో చెడిపోయిన ప్రతి వస్తువూ చివరకు నా బల్ల మీదికే వస్తుంది.

ఆ కుర్రవాడి కొలత తప్పు కాదు, కొలిచిన పద్ధతి తప్పు. ఛార్జర్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలించకుండా ఖాళీగా కొలిచినప్పుడు వైరులో కరెంటు దాదాపు పారదు. అందువల్ల లోపల నూరు పోగుల్లో తొంభై తెగిపోయి పది మిగిలినా మీటరు పూర్తి 19 వోల్టులూ చూపిస్తుంది. ల్యాప్‌టాప్ మూడు ఆంపియర్లు లాగడం మొదలుపెట్టాకే ఆ పది పోగుల బలహీనత బయటపడుతుంది. తెగిన చోట అర ఓమ్ నిరోధం ఏర్పడిందనుకుందాం. మూడు ఆంపియర్లు పారితే అక్కడే ఒకటిన్నర వోల్టు పడిపోతుంది, నాలుగున్నర వాట్ల వేడి గోరంత జాగాలో పుడుతుంది. ఆ వేడికి రబ్బరు మెత్తబడుతుంది, టేపు జిగురు కరిగి కారుతుంది, మిగిలిన పోగులు కూడా ఒక్కొక్కటిగా కాలిపోతాయి.

కాబట్టి నేను మీటరు కంటే ముందు చేతిని వాడాను. ల్యాప్‌టాప్‌లో ఏదో వీడియో నడిపించి పది నిమిషాలు ఆగి వైరు పొడవునా తాకుతూ వచ్చాను. మిగతా వైరంతా చల్లగా ఉంది, టేపు చుట్టిన రెండంగుళాల ముక్క మాత్రం వేలు నిలపలేనంత వేడిగా ఉంది. ఆ ముక్కను కొంచెం వంచితే తెర మీద ఛార్జింగ్ గుర్తు ఆరిపోయింది, వదిలితే తిరిగి వచ్చింది. ఇంకొంచెం వంచితే అడాప్టర్ డబ్బాలోంచి టిక్, టిక్ మని శబ్దం వచ్చి, దాని మీది దీపం ఆ శబ్దానికి తగ్గట్టే వెలిగి ఆరసాగింది. మదర్‌బోర్డు మీద నింద అక్కడితో తొలగిపోయింది.

ఆ టిక్ టిక్‌కూ మీరు చెప్పిన జుయ్యిమనే శబ్దానికీ తేడా ఉంది. ఇటువంటి గుండ్రటి పిన్ను ఛార్జర్లలో ఎక్కువ వాటికి వైరు లోపల ప్లస్ తీగ నడిమధ్యన, దాని చుట్టూ అల్లిన జాలీలాగా మైనస్ తీగ ఉంటాయి. చిట్లిన చోట ఆ జాలీ పోగు ఒకటి లోపలి తీగను తాకితే షార్ట్ అవుతుంది. అడాప్టర్ తనను తాను రక్షించుకోవడానికి ఆగిపోయి, కాసేపటికి మళ్లీ ప్రయత్నించి, మళ్లీ ఆగిపోతుంది. మనకు వినిపించే టిక్ టిక్ అదే. సన్నగా జుయ్యిమనడం వేరు. అది లోపలి ట్రాన్స్‌ఫార్మరు, కాయిళ్లు కంపించడం వల్ల వచ్చేది. బ్యాటరీ నిండిపోయి లోడు తక్కువగా ఉన్నప్పుడు, రాత్రి నిశ్శబ్దంలో చెవి దగ్గర పెట్టుకుంటే మంచి అడాప్టర్లలో కూడా కొంత వినిపిస్తుంది. ఇన్నాళ్లూ లేనిది కొత్తగా మొదలైనా, గదిలో దూరం నుంచే వినిపించినా, కాలిన వాసన తోడైనా దాన్ని మామూలు శబ్దంగా తీసుకోకూడదు. మూడో రకం చిటపట. అది సాధారణంగా డబ్బాలోంచి కాదు, గోడ సాకెట్టు వదులై ప్లగ్గు పిన్నుల దగ్గర నిప్పురవ్వలు రావడం వల్ల వస్తుంది. మన అద్దె ఇళ్లలోని సాకెట్లు చూస్తే ఎర్త్ రంధ్రం అలంకారానికి పెట్టినట్టుంటుంది, ప్లగ్గు పెడితే కిందికి వేలాడుతుంది, అయినా అందరూ ఛార్జర్లనే తిట్టుకుంటారు.

వేడి గురించి కూడా ఒక మాట చెప్పాలి. 65 వాట్ల అడాప్టర్ పూర్తి లోడుతో పనిచేస్తున్నప్పుడు లోపల దాదాపు తొమ్మిది వాట్లు వేడిగా పోతాయి. అందుకే డబ్బా వెచ్చగా ఉండడం సహజం. చేత్తో పట్టుకుని ఉండగలిగితే భయం లేదు. పట్టుకున్న వెంటనే వదిలేయాల్సి వస్తే, లేక ప్లాస్టిక్ రంగు మారితే, ఉబ్బితే, దాని పని అయిపోయినట్టే. దుప్పటి కింద, దిండు కింద పెట్టి వేడెక్కిందనడం మాత్రం అన్యాయం. పిన్ దగ్గరి వేడికి ఈ మినహాయింపులేవీ వర్తించవు. అక్కడ వేడి పుట్టిందంటే తీగ తెగడమో, పిన్ను వదులవడమో జరిగినట్టే.

ఇక కొనడం. మా మేనకోడలి పాత డబ్బా మీద, నల్ల ప్లాస్టిక్ మీద బూడిదరంగు చీమ అక్షరాలతో (ఆ అక్షరాలు కొనేవాళ్లు చదవకూడదనే వేస్తారని నా గట్టి నమ్మకం), అవుట్‌పుట్ 19 వోల్టులు, 3.42 ఆంపియర్లు, 65 వాట్లు అని ఉంది. దాని పక్కనే ఒక చిన్న బొమ్మ ఉంది. మధ్యలో చుక్క, చుట్టూ తెరిచిన వృత్తం, చుక్కకు కలిసిన గీత చివర ప్లస్, వృత్తానికి కలిసిన గీత చివర మైనస్. అంటే పిన్ను లోపలి భాగం ప్లస్, బయటి గొట్టం మైనస్. పొడవు గీత కింద మూడు చిన్న గీతలున్న గుర్తు డీసీ అని చెబుతుంది. ఆ లేబుల్‌ను ఫోటో తీసుకుని, పాత ఛార్జర్‌ను కూడా సంచిలో వేసుకుని సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకి వెళ్లాం.

దుకాణదారు మూడు ఛార్జర్లు బల్ల మీద పెట్టాడు. మొదటిది 19.5 వోల్టులు, 2.31 ఆంపియర్లు, అంటే 45 వాట్లు; దాని పిన్ను వేరు, ఒక కన్వర్టర్ టోపీ తగిలిస్తే సరిపోతుందన్నాడు. రెండోది 19 వోల్టులు, 3.42 ఆంపియర్లు, అక్షరాలా పాతదానికి జోడీ, ధర అన్నింటికంటే తక్కువ. మూడోది 19 వోల్టులు, 4.74 ఆంపియర్లు, అంటే 90 వాట్లు. "ఏదైనా ఒకటే సార్, పిన్ పడితే చాలు" అన్నాడు. ఆ ఒక్క మాటే ఎన్ని ల్యాప్‌టాప్‌లను కాల్చిందో నేను ఊహించగలను.

మొదటిదాని వోల్టేజీతో ఇబ్బంది లేదు, అర వోల్టు తేడాను ఈ ల్యాప్‌టాప్‌లు తట్టుకుంటాయి. కానీ 65 వాట్లు అడిగే యంత్రానికి 45 వాట్లదిస్తే అది శక్తికి మించి పనిచేసి కాలుతుంది, లేదా మాటిమాటికీ ఆగిపోతుంది. మూడోదాన్ని చూసి మేనకోడలు, "ఆంపియర్లు ఎక్కువైతే ల్యాప్‌టాప్ కాలిపోదా మామయ్యా?" అని అడిగింది. కాలిపోదు. వోల్టేజీని అడాప్టర్ నిర్ణయిస్తుంది, కరెంటు ఎంత కావాలో ల్యాప్‌టాప్ లాక్కుంటుంది. 4.74 అనేది ఇవ్వగలిగిన గరిష్ఠం మాత్రమే. పైగా పెద్ద అడాప్టర్ అదే పనికి తీరుబడిగా నడిచి తక్కువ వేడెక్కుతుంది.

రెండోదాన్ని నేను లేబుల్ చూసి కాదు, చేత్తో ఎత్తి చూసి వద్దన్నాను; ఖాళీ అగ్గిపెట్టెలా తేలికగా ఉంది. అంత తేలిక డబ్బాలో ఫిల్టర్లూ రక్షణ సర్క్యూట్లూ పూర్తిగా ఉండవని నా అనుభవం. దాని మీద బీఐఎస్ ముద్ర కూడా లేదు. మన దేశంలో అమ్మే అడాప్టర్ మీద ఆ ముద్రతోపాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ సంఖ్య తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే అది ఏ తయారీదారుదో, ఏ వస్తువుకు ఇచ్చారో కనిపిస్తుంది. మూడోదాని సంఖ్యను దుకాణంలోనే కొట్టి చూశాం, లేబుల్ మీది వివరాలతో సరిపోయింది.

డబ్బు ఇచ్చేముందు దుకాణదారు మీటరే అడిగి తీసుకున్నాను. డీసీ వోల్టుల మీద పెట్టి, ఎర్ర మొన పిన్ను లోపలికి, నల్ల మొన బయటి గొట్టానికి, రెండూ ఒకదానినొకటి తాకకుండా పట్టుకోవాలి. 19కి దగ్గర అంకె మైనస్ గుర్తు లేకుండా వస్తే ధ్రువత సరైనది. అంకె ముందు మైనస్ వస్తే ఆ ఛార్జర్ ఉల్టా. మీ ల్యాప్‌టాప్‌లో దానికి రక్షణ ఉందో లేదో పరీక్షించే సాహసం చేయకండి. అదే ఖాళీ కొలత తెగిన వైరును పట్టలేకపోయినా, వోల్టేజీనీ ధ్రువతనూ మాత్రం కచ్చితంగా చెబుతుంది.

పిన్ను కొలత గురించి దుకాణాల్లో ఎవరూ మాట్లాడరు. మా మేనకోడలిది బయట 5.5, లోపల 2.5 మిల్లీమీటర్ల పిన్ను. రౌటర్లకూ సీసీ కెమెరాలకూ వచ్చే 12 వోల్టుల అడాప్టర్లకు బయట అదే 5.5, లోపల 2.1 ఉంటుంది. కంటికి రెండూ ఒకటే. ల్యాప్‌టాప్ పిన్ను రౌటర్‌లోకి సులువుగా దూరిపోతుంది, 12 వోల్టుల రౌటర్‌కు 19 వోల్టులు తగులుతాయి. 24 వోల్టుల ప్రింటర్ అడాప్టర్లలో కొన్నింటికి ల్యాప్‌టాప్ పిన్నే ఉంటుంది, అది ఇంకా ప్రమాదం.

మీ పిన్ను గొట్టం నడుమ సూదిలాంటి సన్నని మొన ఉంటే లెక్క కొంచెం మారుతుంది. అది కరెంటు కోసం కాదు, అడాప్టర్ ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కు చెప్పడానికి. అక్కడ ప్లస్ గొట్టం లోపలి గోడ మీద ఉంటుంది, మీటరు మొనను సూదికి కాక ఆ గోడకే తాకించాలి. ఆ సన్న తీగ తెగితే ల్యాప్‌టాప్ నడుస్తుంది కానీ బ్యాటరీ ఎక్కదు. అలాంటి వాటికి అదే కంపెనీ గుర్తింపు ఉన్న అడాప్టరే కొనాలి. టైప్ సీ అయితే వోల్టేజీని అడాప్టరూ ల్యాప్‌టాపూ మాట్లాడుకుని కుదుర్చుకుంటాయి, మీరు చూడాల్సింది వాట్లే. 60 దాటితే ఐదు ఆంపియర్ల కేబుల్ ఉండాలి.

డబ్బా బాగుండి వైరు మాత్రమే పోతే, చిట్లిన భాగం కత్తిరించి కొత్త పిన్ను వైరు అతికించేవాళ్లు ఉన్నారు. టంకం పెట్టి, రెండు తీగలకూ విడివిడిగా, వేడి తగిలితే బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగితే అది సరైన పనే. మీ డబ్బా కూడా శబ్దం చేస్తూ కాలుతోంది కాబట్టి దాని మీద ఆ ఖర్చు పెట్టవద్దు. దాన్ని విప్పవద్దు కూడా. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా నిలవ ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు అది దిగకపోవచ్చు.

కొత్తది వచ్చాక మొదటి అరగంట పిన్నునూ డబ్బానూ తాకి చూస్తూ ఉండండి. పాతదాన్ని ఎవరూ మళ్లీ తగిలించకుండా, ప్లగ్గు తీసి ఉన్నప్పుడే దాని పిన్ను కత్తిరించి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇచ్చేయండి.