బోర్డును ‘వంచడం’ అనవచ్చా?

సందేహం: ఫొటో ఎడిటింగ్ పాఠం ఒకటి తెలుగులో రాస్తున్నాను. పక్క నుంచి తీసిన గోడ ఫొటోలో షాపు బోర్డును అమర్చే పనిని ‘వంచడం’ అనాలా, ‘ఏటవాలుగా లాగడం’ అనాలా? వ్యానిషింగ్ పాయింట్‌ను ‘అదృశ్య బిందువు’ అంటే సరిపోతుందా?

సమాధానం: ‘వంచడం’ వద్దు. వంచితే తిన్నని గీత వంకర పోతుంది. ఇక్కడ బోర్డు అంచులు తిన్నగానే ఉంటాయి. ఫొటోషాప్‌లో Warp అంచులను వంకర తిప్పగలదు కాబట్టి ‘వంచడం’ దానికి నప్పుతుంది. మీకు కావలసింది నాలుగు మూలలనూ విడివిడిగా జరిపే Distort. ‘ఏటవాలుగా లాగడం’ కూడా కుదరదు. అది Skew చేసే పని. అందులో పై అంచూ కింది అంచూ సమాంతరంగానే ఉంటాయి, దూరంగా ఉన్న అక్షరమూ దగ్గరి అక్షరమంత ఎత్తే ఉంటుంది. అలా పెట్టిన బోర్డు గోడ మీద ఉన్నట్టు అనిపించదు. ‘గోడ కోణానికి అమర్చడం’ అని రాయండి.

‘అదృశ్య బిందువు’ అంటే కంటికి కనబడని బిందువు అనుకుంటారు. అక్కడ జరిగేది గీతలు కలవడం. గోడ మీద నిజానికి సమాంతరంగా ఉన్న సజ్జ అంచునూ గడప గీతనూ ఫొటోలో పొడిగిస్తే ఒకచోట కలుస్తాయి. చాలాసార్లు ఆ చోటు ఫొటో బయట పడుతుంది. అందుకని మొదటిసారి ‘వ్యానిషింగ్ పాయింట్, అంటే గీతలు కలిసే బిందువు’ అని రాసి, ఆ తర్వాత ‘కలిసే బిందువు’ అంటే చాలు.

పాఠంలో ఒక లెక్క కూడా చూపండి. పిక్సెళ్లను ఎడమ అంచు నుంచి అడ్డంగా, పై అంచు నుంచి కిందికి కొలుస్తాం. కలిసే బిందువు (2000, 600) దగ్గర ఉందనుకుందాం. బోర్డు దగ్గరి అంచు పై మూల (400, 200), కింది మూల (400, 300). ఈ రెండు మూలల నుంచి కలిసే బిందువుకు గీతలు గీయాలి. బోర్డు అవతలి అంచు ఆనుకునే స్తంభం అడ్డంగా 1200 దగ్గర ఉంది. అక్కడ పై గీత కిందికి 400 దగ్గర, కింది గీత 450 దగ్గర తగులుతాయి. ఇవతల 100 పిక్సెళ్ల ఎత్తున్న బోర్డు అవతల 50కి తగ్గింది.

ఇప్పుడు బోర్డు నడిమధ్య ఎక్కడ? 400కీ 1200కీ సగం 800 కదా అని చాలామంది పేరులోని నడిమి అక్షరాన్ని అక్కడ పెడతారు. నాలుగు మూలలనూ కలిపే ఐమూలగీతలు ఖండించుకునేది 933 దగ్గర. దగ్గరి సగానికి 533 పిక్సెళ్లు, దూరపు సగానికి 267 మాత్రమే. అక్షరాల ఎత్తు తగ్గుతూ వెడల్పు మాత్రం సమానంగా ఉంటే, మూలలు సరిగ్గా కుదిరినా లోపల అమరిక తప్పినట్టే. మీ పాఠం చదివేవాళ్లు ముందుగా పరీక్షించాల్సింది దీన్నే.

కెమెరాను పైకెత్తి తీసిన ఫొటోలో నిలువు గీతలు కూడా పైన ఎక్కడో కలుస్తాయి. దాన్ని ‘నిలువు గీతలు కలిసే బిందువు’ అని విడిగా చెప్పండి. అలాంటి ఫొటోలో బోర్డు పక్క అంచులను నిటారుగా ఉంచితే, బోర్డు పైభాగం గోడ కన్నా వెడల్పుగా కనిపిస్తుంది.